ఒకే ఫోటో, మూడు లెక్కలు: గాలి తీయాలా, కొట్టించాలా?

ప్రశ్న: కారు మా నాన్నగారిది. కొన్నాళ్లుగా నా దగ్గరే ఉంది. ఈ సాయంత్రం నలభై నిమిషాలు నడిపి ఇంటికొచ్చాక, ముందు ఎడమ టైర్‌కి గేజ్ పెట్టి ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి పంపాను. గేజ్‌లో బయట నల్ల అంకెలు 100 దాకా, పీఎస్ఐ అని ఉంది. లోపల ఎర్ర అంకెలు 7 దాకా, బార్ అని ఉంది. ముల్లు ఎర్ర అంకెల్లో 2 దాటాక మూడో గీత మీద ఉంది. నల్ల అంకెల్లో 40కి ఒక గీత ఇవతల ఉంది. డోర్ దగ్గరి స్టిక్కర్‌లో మాత్రం కిలోపాస్కల్ అని ముందు 230, వెనక 210 అనీ, ఫుల్ లోడ్‌కి 240, 260 అనీ రాసుంది. ఫోటో చూసి నాన్న "2.3 ఉంది, అంటే 230. సరిగ్గా ఉంది, ముట్టుకోకు" అన్నారు. మావారేమో "38 ఉంది, టైర్ మీద మాక్సిమమ్ 300 కిలోపాస్కల్, 44 పీఎస్ఐ అని రాసుంది కాబట్టి ఇంకో ఆరు కొట్టిద్దాం" అంటున్నారు. నేను ఫోన్‌లో 38ని మార్చి చూస్తే 262 వచ్చింది. స్టిక్కర్ కంటే 32 ఎక్కువ. గాలి తీసెయ్యాలి కదా? ఇది కాస్తా ఎవరి మాట వింటావన్న గొడవయ్యింది. ఎల్లుండి నలుగురం సామానుతో దూరం వెళ్లాలి. డాష్‌బోర్డు మీద లైటేమీ వెలగలేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందుగా, ఈ రాత్రికి వాల్వ్ మూత తీయకండి. గాలి తీయొద్దు, కొట్టించొద్దు. ఫోటోలో ఉన్న సంఖ్య ఏమిటో తేల్చుకోవచ్చు, కానీ దాన్నిబట్టి టైర్‌లో గాలి సరిగ్గా ఉందో లేదో ఇప్పుడు చెప్పలేం. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మీ ఇంట్లో గొడవంతా వీటిని ఒకటిగా చూడటం వల్లే వచ్చింది.

సంఖ్య సంగతి చూద్దాం. మీరు రాసిన వివరాల్లోనే జవాబుంది. ఎర్ర అంకెల్లో 2కీ 3కీ మధ్య ఎన్ని ఖాళీలున్నాయో ఫోటోని పెద్దది చేసి లెక్కపెట్టండి. గీతలు కాదు, ఖాళీలు. 7 బార్ దాకా ఉండే గేజ్‌లో ఒక్కో బార్‌ని సాధారణంగా పది భాగాలు చేయరు, గీతలు మరీ ఇరుకైపోతాయి. ఐదు భాగాలే చేస్తారు. మీ దాంట్లో అయిదు ఖాళీలుంటే ఒక్కో గీత విలువ 0.2 బార్. మూడో గీత అంటే 2.6. మీ నాన్నగారు గీతకి 0.1 చొప్పున లెక్కేసి 2.3 అన్నట్టున్నారు. డయల్ గేజ్ చదవడంలో అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. స్కేలు చూడగానే పదో భాగమనే అనుకుంటాం.

నల్ల అంకెల్లో 20కీ 40కీ మధ్య పది ఖాళీలుంటే ఒక్కో గీత 2 పీఎస్ఐ. 40కి ఒక గీత ఇవతల అంటే 38. మీవారు చదివింది ఇదే. ఇప్పుడు ఈ రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడాలి. అందుకు యూనిట్లు మార్చాలి. కావలసింది ఇంతే:

```
kPa = bar × 100
kPa = psi × 6.895
psi = bar × 14.5
```

బార్ నుంచి కిలోపాస్కల్‌కి వెళ్లడానికి కాగితం అక్కర్లేదు, వందతో గుణిస్తే చాలు. 2.6 బార్ అంటే 260 కిలోపాస్కల్. ఇది ఇంచుమించు లెక్క కాదు, బార్‌ని నిర్వచించిందే 100 కిలోపాస్కల్ అని. పీఎస్ఐతోనే కాస్త తంటా. 38ని 6.895తో గుణిస్తే 262. మనసులో చేయాలంటే ఏడుతో గుణించి (266) అందులోంచి నూటికి ఒకటిన్నర చొప్పున, అంటే 4 తీసేయండి.

నేనైతే ఇంతకంటే తేలికైన దారి వాడతాను. 200 కిలోపాస్కల్ అంటే 29 పీఎస్ఐ అన్న ఒక్కటే గుర్తుంచుకుని, ప్రతి 20 కిలోపాస్కల్‌కి 3 పీఎస్ఐ కలుపుకుంటూ పోతాను. 220 అంటే 32, 240 అంటే 35, 260 అంటే 38. ఖచ్చితంగా లెక్కేస్తే 31.9, 34.8, 37.7 వస్తాయి. కార్ల టైర్లకి వాడే హద్దుల్లో ఈ మెట్ల లెక్క అర పీఎస్ఐ కూడా తప్పదు. మీ స్టిక్కర్‌లోని 230ని ఇందులో పెడితే 32కీ 35కీ మధ్య, అంటే 33న్నర దగ్గర వస్తుంది. అసలు లెక్క 33.4. కొన్ని కార్ల స్టిక్కర్లలో 230 పక్కనే 33 పీఎస్ఐ అని వేస్తారు. 33ని తిరిగి కిలోపాస్కల్ చేస్తే 227న్నర వస్తుంది, 230 రాదు. అది చూసి స్టిక్కర్ తప్పనుకోవద్దు. చదవడానికి వీలుగా దగ్గరి అంకెకి సర్ది వేశారు, అంతే.

కాబట్టి మీ ఫోటోలో 2.6 బార్ అంటే 260, 38 పీఎస్ఐ అంటే 262. రెండూ కలిశాయి. ఆ రెండు కిలోపాస్కల్ తేడా గీతల మధ్య కంటికి అందనిది, దాన్ని పట్టించుకోవద్దు. మీ నాన్నగారి 2.3 నిజమైతే అదే ముల్లు నల్ల అంకెల్లో 33 చుట్టూ ఉండాలి. 40 పక్కన ఉండే వీలే లేదు. ఆయనకి "మీరు తప్పు" అని చెప్పనక్కర్లేదు. "నాన్నా, 2కీ 3కీ మధ్య ఖాళీలు ఎన్నున్నాయో ఒకసారి చూడండి" అని అదే ఫోటో పంపండి. ఆయనే సరిచేసుకుంటారు.

రెండు స్కేళ్లున్న గేజ్‌తో ఇదే లాభం. ఫోటో మాత్రమే చేతిలో ఉన్నప్పుడు రెండు స్కేళ్లనీ విడివిడిగా చదివి, ఒకదాన్ని రెండోదానిలోకి మార్చి పోల్చాలి. గీత విలువ తప్పుగా అనుకున్నా, ఎర్ర అంకెని నల్ల స్కేలుకి అంటగట్టినా అక్కడే బయటపడుతుంది. డయల్ కింద ఉండే చిన్న అక్షరాలు కూడా చూడండి. కొన్ని గేజ్‌ల లోపలి స్కేలు బార్ కాదు, చదరపు సెంటీమీటరుకి కిలోలు. దాంట్లో 2.6 అంటే 255 కిలోపాస్కల్. తేడా రెండు శాతమే కాబట్టి భయమేమీ లేదు గానీ, లెక్క కలవకపోతే ముందుగా చూడాల్సింది అదే. ఇంకొన్నిట్లో కిలోపాస్కల్ అనే రాసి, పక్కన చిన్నగా ×100 అని వేస్తారు. అప్పుడు 2.6 దగ్గరున్న ముల్లు 260ని చూపిస్తున్నట్టు.

అయితే ఈ పరీక్షకి ఒక హద్దుంది. రెండు స్కేళ్ల మీదా తిరిగేది ఒకే ముల్లు. ఫోటో వాలుగా తీస్తే ముల్లు రెండు స్కేళ్ల మీదా ఒకే వైపుకి జరిగినట్టు కనిపిస్తుంది. రెండు రీడింగులూ చక్కగా కలుస్తాయి, రెండూ తప్పుగా ఉంటాయి. ముల్లు డయల్‌కి అంటుకుని ఉండదు, కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఎంత తేడా వస్తుందో ఊహించుకోవడానికి మీలాంటి గేజ్‌నే తీసుకుందాం. 100 పీఎస్ఐ దాకా ఉన్న స్కేలు ముప్పావు వృత్తంలో పరుచుకుంటే, ముల్లు కొన మధ్య నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఒక పీఎస్ఐకి దక్కే చోటు మిల్లీమీటరు కూడా కాదు. ముల్లు డయల్‌కి 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండి, ఫోన్ 30 డిగ్రీలు వాలితే ముల్లు కొన మిల్లీమీటరుకి పైగానే జరిగినట్టు కనిపిస్తుంది. అంటే ఒక పీఎస్ఐ పైచిలుకు. టైర్ పక్కన వంగి, ఒక చేత్తో గేజ్ నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోటో తీసేటప్పుడు 30 డిగ్రీల వాలు పెద్ద విశేషమేమీ కాదు.

మీ ఫోటో ఎలా తీశారో తెలుసుకోవడం సులువు. గేజ్ గుండ్రటి అంచు ఫోటోలో గుండ్రంగానే ఉందా, కోడిగుడ్డులా సాగిందా చూడండి. సాగి ఉంటే ఆ ఫోటోని ఒక పీఎస్ఐ అటూ ఇటూగా మాత్రమే నమ్మండి. గుండ్రంగా ఉంటే నిశ్చింత. దీంతోపాటు గేజ్‌ని టైర్ నుంచి తీసేశాక ఇంకో ఫోటో తీయండి. అప్పుడు ముల్లు సున్నా మీద నిలవాలి. కొన్ని గేజ్‌లు రీడింగుని పట్టి ఉంచుతాయి, వాటిలో ముందు బటన్ నొక్కి వదలాలి. అయినా ముల్లు 2 దగ్గర ఆగిపోతే ఆ గేజ్ అన్ని రీడింగుల్లోనూ కాస్త ఎక్కువ చూపిస్తూ ఉండవచ్చు.

గేజ్ డయల్ మీద చిన్నగా 1.6 అనో 2.5 అనో ఒక అంకె ఉంటే దాని సంగతీ చెప్పాలి. చాలామంది దాన్ని పట్టించుకోరు. అది గేజ్ తరగతి, అంటే ఎంత శాతం తప్పు చూపించవచ్చో చెప్పే అంకె. ఆ శాతం మీరు చదివిన సంఖ్యలో కాదు, పూర్తి స్కేలులో. 100 పీఎస్ఐ గేజ్ మీద 2.5 అని ఉంటే రెండున్నర పీఎస్ఐ దాకా అటూ ఇటూ చూపినా ఆ గేజ్ తన లెక్కలో తాను సరిగ్గానే ఉన్నట్టు. కిలోపాస్కల్‌లో అది 17. ఇలాంటి గేజ్‌తో 38 చదివితే అసలు విలువ 35న్నర నుంచి 40న్నర దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కారు టైర్లకి 60 పీఎస్ఐ స్కేలున్న గేజ్ మేలనేది ఇందుకే. గీతలు దూరందూరంగా ఉండి చదవడానికి తేలిక, తప్పూ తక్కువ. ఈ ప్రయాణానికి ఉన్న గేజ్ చాలు. కానీ ఫోన్‌లో మార్చగానే 262.0 అని తెర మీద కనిపించే ఆ సున్నాకి మాత్రం మీరు లొంగకండి.

ఇక మీవారి లెక్క. ఆయన ముల్లుని సరిగ్గానే చదివారు. పోల్చింది మాత్రం వేరే సంఖ్యతో. టైర్ సైడ్‌వాల్ మీద ఉన్న 300 కిలోపాస్కల్, 44 పీఎస్ఐ టైర్ చేసినవాళ్లు పెట్టిన గరిష్ఠ హద్దు, చల్లటి టైర్‌కి. ఆ టైర్ ఏ కారుకి పడుతుందో, ఆ కారు ముందు భాగం ఎంత బరువుంటుందో వాళ్లకి తెలీదు. తెలిసింది కారు చేసినవాళ్లకి, వాళ్లు చెప్పింది డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంది. ముందుకీ వెనక్కీ వేర్వేరు సంఖ్యలు, మామూలు బరువుకీ ఫుల్ లోడ్‌కీ వేర్వేరు సంఖ్యలు ఉన్నాయంటే అవి ఆ కారుని చూసి వేసినవే. పోల్చుకోవాల్సింది వాటితోనే. 44 అనేది చేరాల్సిన గమ్యం కాదని మీవారికి చెప్పండి. ఆయన వాదంలోని మొదటి సగం మాత్రం ఒప్పుకోండి. 38 అన్నది ఆయనే సరిగ్గా చదివారు.

ఇప్పుడు మీ లెక్క. యూనిట్లు సరిగ్గా మార్చారు, సరైన స్టిక్కర్‌తోనే పోల్చారు. కానీ స్టిక్కర్ మీద ఉన్న 230 చల్లటి టైర్‌కి. అంటే కారు కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉన్నప్పటి గాలికి, లేదంటే ఒకటి రెండు కిలోమీటర్లకి మించి నడవనప్పటి గాలికి. మీరు కొలిచింది నలభై నిమిషాలు నడిపి వచ్చాక. నడుస్తున్న టైర్ చక్రం తిరిగిన ప్రతిసారీ నేల దగ్గర నొక్కుకుని మళ్లీ సర్దుకుంటుంది. ఆ నొక్కుడుకి రబ్బరు వేడెక్కి లోపలి గాలినీ వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలికి ఆ టైర్‌లోనే ఉండక తప్పదు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే మీ 32 మొత్తం ఇక్కడే దొరకవచ్చు. గేజ్ చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందన్నదే. బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర దాదాపు 101 కిలోపాస్కల్. అది కలిపితే మీ టైర్‌లో అసలు ఒత్తిడి 262 + 101, అంటే 363. ఉష్ణోగ్రతని కెల్విన్‌లో పెడితే, అంటే సెల్సియస్ డిగ్రీలకి 273 కలిపితే, ఆ అసలు ఒత్తిడి దానితో సమానంగా పెరుగుతుంది, తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు టైర్ 25 డిగ్రీలు, అంటే 298 కెల్విన్ అనుకుందాం. నడిపాక లోపలి గాలి 20 డిగ్రీలు పెరిగి 318కి చేరిందనుకుంటే, చల్లారాక 363 × 298 ÷ 318, అంటే 340. అందులోంచి బయటి గాలి 101 తీసేస్తే గేజ్ 239 చూపిస్తుంది. పెరుగుదల 30 డిగ్రీలైతే అదే లెక్కలో 229 వస్తుంది.

అంటే మీరు "32 ఎక్కువ" అనుకున్న టైర్ పొద్దున చల్లగా 230, 240ల మధ్య నిలవవచ్చు. స్టిక్కర్ చెప్పింది కూడా అక్కడే. మీ నాన్నగారు గీతలు తప్పు లెక్కపెట్టినా "ముట్టుకోకు" అన్న మాట ఈ రాత్రికి సరైనదే అయ్యింది. కానీ లోపలి గాలి నిజంగా ఎంత వేడెక్కిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. వేగం, రోడ్డు, బరువు, ఎండ అన్నీ దాన్ని మారుస్తాయి. పైన వేసింది ఊహించిన ఉష్ణోగ్రతతో. అందుకే మళ్లీ చల్లగా కొలవాలి.

ఈ రాత్రి మీరనుకున్నట్టే గాలి తీసేశారనుకోండి. వేడి టైర్‌ని 230కి దించితే పొద్దున అది (25 డిగ్రీల పెరుగుదల లెక్కన) 204 దగ్గర ఉంటుంది, అంటే 30 పీఎస్ఐకి కాస్త తక్కువ. మామూలు బరువుకే 11 శాతం లోటు. ఎల్లుండి నలుగురూ సామానూ ఎక్కితే ముందు టైర్‌కి 240 ఉండాలి కాబట్టి లోటు 15 శాతం. గాలి తక్కువైన టైర్ ఎక్కువ నొక్కుకుంటుంది, ఎక్కువ వేడెక్కుతుంది, రెండు అంచులూ త్వరగా అరుగుతాయి. బరువు, వేగం, దూరం మూడూ కలిస్తే ఈ వేడే సైడ్‌వాల్‌ని దెబ్బతీసేది. పైగా లైటు కూడా మీకు చెప్పదు. ఆ హెచ్చరిక వ్యవస్థ ఉన్న చాలా కార్లలో చెప్పిన గాలి కంటే 20 నుంచి 25 శాతం తగ్గితేనే లైటు వెలుగుతుంది. లైటు వెలగలేదంటే టైర్ మరీ ఖాళీ కాలేదనే అర్థం.

మీవారు అన్నట్టు 44కి నింపితే పొద్దున చల్లగా 272 దాకా ఉంటుంది, 39న్నర పీఎస్ఐ. సైడ్‌వాల్ హద్దు దాటలేదు కాబట్టి టైర్ పేలిపోతుందని భయపడనక్కర్లేదు. కానీ ఫుల్ లోడ్ సంఖ్య కంటే కూడా 13 శాతం ఎక్కువ. నేలకి ఆనే భాగం తగ్గుతుంది, టైర్ నడిమి భాగం ముందు అరుగుతుంది, గుంతల్లో కుదుపు నేరుగా లోపలికొస్తుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. రెండు తప్పుల్లో ఒకటి చేయక తప్పదంటే, బరువుతో దూరం వెళ్లేటప్పుడు నేను తక్కువ గాలి కంటే కాస్త ఎక్కువ గాలినే ఎంచుకుంటాను. మీ విషయంలో రెండూ చేయాల్సిన పని లేదు.

ఈ వేడి రీడింగు కూడా పూర్తిగా వృథా కాదు. ముందు కుడి టైర్‌ని కూడా అప్పుడే కొలిచి ఉంటే బాగుండేది. ఒకే యాక్సిల్ మీది రెండు టైర్లూ దాదాపు ఒకలాగే వేడెక్కుతాయి. ఒకటి 260, ఇంకోటి 235 ఉంటే 235 ఉన్నదాంట్లోంచి గాలి పోతున్నట్టు అనుమానించాలి. టైర్లు వేడిగా ఉన్నా ఆ పోలిక పనికొస్తుంది. వేడి టైర్ చల్లటి స్టిక్కర్ సంఖ్య కంటే కూడా తక్కువ చూపిస్తే అప్పుడు మాత్రం పొద్దుటిదాకా ఆగక్కర్లేదు, అది తప్పకుండా తక్కువే. ముందుగా స్టిక్కర్ సంఖ్య దాకా నింపి, చల్లారాక మళ్లీ చూసుకోవాలి.

రేపు పొద్దున్నే, ఎండ టైర్ల మీద పడకముందు, కారు కదపకుండా నాలుగు టైర్లూ కొలవండి. బయటి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. 10 డిగ్రీల మార్పుకి దాదాపు 11 కిలోపాస్కల్ తేడా, ఒకటిన్నర పీఎస్ఐ. ప్రతి టైర్‌కీ గేజ్‌ని వాల్వ్‌కి నిటారుగా నొక్కండి. సుయ్‌మని గాలి పోయే చప్పుడు వస్తుంటే ఆ రీడింగు తక్కువ చూపిస్తుంది, మళ్లీ పెట్టండి. రెండు మూడుసార్లు పెట్టి పెద్ద రీడింగు తీసుకోండి. ఫోటో తీస్తే గేజ్‌కి ఎదురుగా తీయండి. పంపేటప్పుడు ఫోటో కింద ఏ చక్రం, చల్లగానా వేడిగానా, ఏ స్కేలు మీద ఎంత అన్నది రాయండి. ఆ మూడు ముక్కలూ ఈ సాయంత్రమే ఉంటే ముగ్గురూ మూడు దారులు పట్టేవాళ్లు కాదు.

తర్వాతేం చేయాలన్నది వచ్చే సంఖ్యలని బట్టి ఉంటుంది. ఎల్లుండి ప్రయాణానికి మీరు పోల్చుకోవాల్సింది మామూలు వరసతో కాదు, ఫుల్ లోడ్ వరసతో: ముందు 240, వెనక 260. మీ ఎర్ర స్కేలులో ముందు 2.4, అంటే 2 తర్వాత రెండో గీత. వెనక 2.6, మూడో గీత. నల్ల స్కేలులో 35, 38. మీ గేజ్ మీద 35కి గీత ఉండదు, 34కీ 36కీ మధ్య చూసుకోవాలి. ముందు టైర్లు 230 నుంచి 240 మధ్య ఉంటే అవి దాదాపు సరిపోయినట్టే. 10 కిలోపాస్కల్ తేడా మీ గేజ్ తప్పులోనే కలిసిపోతుంది. నేనైతే అలా వదిలేస్తాను. మనసు ఒప్పకపోతే 240కి సర్దండి, నష్టం లేదు. 220 కంటే తక్కువుంటే నింపక తప్పదు. ఒక్క టైర్ మాత్రమే తక్కువుంటే నింపి ఊరుకోకుండా మర్నాడు పొద్దున మళ్లీ కొలవండి. మళ్లీ తగ్గితే పంక్చరో, వాల్వ్ లీకో చూపించాకే బయలుదేరండి. ముందు టైర్లు 255 దాటి ఉంటే, అవి చల్లగా ఉన్నప్పుడే గాలి తీయాలి, కొంచెం తీసి కొలుస్తూ.

అసలు పని వెనక టైర్లతో ఉంటుందనుకుంటాను. ఫోటో ముందు టైర్‌ది కావడంతో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు గానీ, స్టిక్కర్ చూస్తే బరువు పెరిగినప్పుడు ముందుకి పెరిగేది 10, వెనక్కి పెరిగేది 50. వెనక టైర్లు ఇప్పుడు మామూలుగా 210 ఉండి ఉంటే 50 కిలోపాస్కల్, అంటే 7 పీఎస్ఐ కొట్టించాలి. గాలి కొట్టే చోటు దూరంగా ఉంటే అక్కడికి చేరేసరికి టైర్ మళ్లీ వేడెక్కుతుంది. అప్పుడు 260 దగ్గర ఆపితే తక్కువ పడుతుంది. దానికొక పద్ధతుంది. ఇంటి దగ్గర చల్లగా కొలిచి లోటు ఎంతో రాసుకోండి. అక్కడికి వెళ్లాక వాళ్ల గేజ్ ఎంత చూపిస్తే అంతకి ఆ లోటు కలపండి. ఇంటి దగ్గర 210 ఉండి, అక్కడ పంపు 32 పీఎస్ఐ చూపిస్తే, 39కి నింపమని చెప్పండి. వాళ్ల గేజ్ ఒక పాయింటు అటూ ఇటూ చూపినా ఫర్వాలేదు, మనం కలుపుతున్నది తేడాని కదా. పంపులో యూనిట్ ఏది పెట్టారో మాత్రం మీటరు మీద ఒకసారి చూడండి.

ప్రయాణం అయిపోయి సామాను దించాక, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెనక టైర్లని మళ్లీ 210కి, 2.1 బార్‌కి దించండి. మీ ఎర్ర స్కేలులో అది 2కీ మొదటి గీతకీ సరిగ్గా మధ్య.